సొరుగులో దొరికిన చదరపు సెంటు

సంక్రాంతి సెలవులకి వచ్చిన మా మనవరాలు ఒకరోజు మధ్యాహ్నం మా నాన్నగారి పాత బల్ల ముందు చతికిలబడింది. ఆ బల్ల సొరుగు ఏళ్ళ తరబడి ఎవరూ సరిగ్గా తెరిచింది లేదు. తుప్పుపట్టిన తాళంచెవులు, అడకత్తెర, పాళీ విరిగిన కలం, మనియార్డరు రసీదులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. అడుగున పరిచిన కాగితం లేపి, "తాతా, ఇదేంటి?" అని నా అరచేతిలో ఒక నాణెం పెట్టింది. నల్లగా మాడిపోయి, నాలుగు మూలలూ కాస్త గుండ్రంగా తిరిగిన చదరపు బిళ్ళ. అడ్డంగా కొలిస్తే రెండు సెంటీమీటర్ల పైచిలుకు.

ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ, చుట్టూ ఇంగ్లిషు అక్షరాలు. కొన్ని అరిగిపోయినా, 'జార్జ్ 5' అన్నదీ, చివర 'ఎంపరర్ ఆఫ్ ఇండియా' అన్నదీ తెలుస్తున్నాయి. "ఇంకేముంది, ఇండియాదే. అయిదో జార్జి కాలం నాటిది" అని తేల్చేశాను. ఏడో తరగతి చదివే పిల్ల అంత తొందరగా ఒప్పుకోలేదు. "మనదైతే మళ్ళీ ఇండియా రాజు అని చెప్పడమెందుకు తాతా?" అంది.

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. బ్రిటిష్ ఇండియా నాణేల మీద ఈ రాజు పేరు పక్కన ఉండేది 'కింగ్ ఎంపరర్' అని మాత్రమే. దేశం పేరు వెనకవైపు ఉండేది. 'కింగ్ అండ్ ఎంపరర్ ఆఫ్ ఇండియా' అన్న పూర్తి బిరుదు కనిపించేది హాంకాంగ్, సిలోన్ లాంటి ఇతర వలసల నాణేల మీద. అంటే ఇండియా పేరు చూసి ఇండియాది అనుకున్న నాణెం, ఆ పేరు ఉన్నందువల్లే ఇండియాది కాకుండా పోయింది. నాణెం మీద రాజు పేరు ఉన్నంత మాత్రాన అది దేశం పేరు అయిపోదు. ఒకే రాజు అప్పట్లో సగం ప్రపంచం నాణేల మీద ఉన్నాడు.

ఇంతలో వాళ్ళ అమ్మమ్మ లోపల్నుంచి చింతపండు ముద్ద పట్టుకొచ్చింది. "ఇలా తే, రెండు నిమిషాల్లో తళతళలాడిస్తాను" అంది. ఆపాను. రాగి, కంచు నాణేల మీద ఏళ్ళ తరబడి పట్టిన ఆ నలుపే లోహానికి తొడుగు. చింతపండు పులుపు ఆ తొడుగునే కరిగిస్తుంది, గట్టిగా తోమితే అరిగిన అక్షరాలు ఇంకా అరుగుతాయి. నాణేలు సేకరించేవాళ్ళు తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపడతారు, ధర తగ్గించేస్తారు. మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపి ఊరుకున్నాం.

వెనకవైపు మధ్యలో చుక్కల వలయం, అందులో 1 అంకె. చుట్టూ ఉన్న రాతలో 'వన్ సెంట్' అన్నది మాత్రం స్పష్టంగా ఉంది. ఇక్కడ నాకు మా తాత గుర్తొచ్చాడు. ఆయన కుర్రతనంలో ఓడెక్కి వెళ్ళి కొన్నేళ్ళుండి వచ్చాడని ఇంట్లో అనేవారు. మా ఉత్తరాంధ్రలో ఆ రోజుల్లో ఓడెక్కాడంటే రంగం వెళ్ళాడనే అర్థం. రంగం అంటే రంగూన్. "అయితే ఇది బర్మాది" అన్నాను రెండోసారి.

అదీ నిలవలేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అక్కడా చెల్లింది మన రూపాయి, మన అణాలే. రంగం నుంచి తెచ్చిన డబ్బయితే దాని మీద అణా అనో పైసా అనో ఉండాలి, సెంటు ఉండదు. రాజు పేరు తికమక పెట్టినా విలువ పేరు అబద్ధం చెప్పదు.

సెంట్లు వాడిన బ్రిటిష్ వలసలు చాలానే ఉన్నాయి. అందుకని పిల్ల ఒక కాగితం మీద పేర్లు రాసుకుని ఒక్కొక్కటే కొట్టేయడం మొదలుపెట్టింది. నాణేల పట్టీలు ఫొటోలతో సహా ఇంటర్నెట్‌లో దొరుకుతాయి గనుక పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. హాంకాంగ్ సెంటు మీద చైనా అక్షరాలు ఉంటాయి, పైగా అది గుండ్రం. కొట్టేసింది. సిలోన్‌లో అయిదు సెంట్ల బిళ్ళ చదరమే గానీ దాని మీద సింహళం, తమిళం ఉంటాయి, లోహం తెలుపు. అదీ పోయింది. నా మాట పూర్తిగా తీసేయడం ఇష్టంలేక మన పాత రెండణాల బిళ్ళ కూడా చూసింది. అదీ చదరమే, 1918 నుంచి వచ్చింది. కానీ అదీ తెల్లలోహమే, పైగా దాని మీద విలువ నాలుగు భారతీయ లిపుల్లో ఉంటుంది. అందులో ఒకటి తెలుగు. బ్రిటిష్‌వాళ్ళ అణా బిళ్ళల మీద తెలుగు అక్షరాలుండేవని చూసి మనవరాలు తన నాణెం సంగతి కాసేపు మరిచిపోయింది.

మా నాణెం మీద ఇంగ్లిషు తప్ప మరో లిపి లేదు. అంచు అరిగిన చోట లోపలి రంగు ఎర్రగా ఉంది. అంటే కంచు. అయస్కాంతానికి అంటుకోలేదు, కంచు అంటుకోదు కూడా. ఇక మిగిలింది దేశం పేరు చదవడమే.

దానికి దీపం ఆర్పి సెల్‌ఫోన్ లైటు వెలిగించాం. వెలుగు పైనుంచి వేస్తే అరిగిన అక్షరం కనబడదు. బల్లకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయాలి. అప్పుడు ఆ కొద్దిపాటి ఎత్తుకీ నీడ పడుతుంది. నాణేన్ని మెల్లగా తిప్పుతుంటే ఒక్కో అక్షరం నీడలో లేచి నిలబడింది. పిల్ల ఒక్కొక్కటే పలికి రాసుకుంది: స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్. సంవత్సరంలో 192 వరకు తెలిసింది, చివరి అంకె సగం పోయింది. ఇక్కడ పట్టీయే పని చేసింది. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ చదరపు సెంటు మూడే సంవత్సరాల పేరుతో ఉంది: 1919, 1920, 1926. కాబట్టి చివరిది సున్నా అయినా కావాలి, ఆరైనా కావాలి. మళ్ళీ పక్క వెలుగులో చూస్తే అంకె కింది భాగం చిన్న గుండ్రం, దాని పైన ఎడమవైపు నుంచి లేచిన తోక. 1926.

"సరే, ఆ దేశం ఎక్కడుంది?" అని అట్లాసు తెచ్చింది. అక్షరక్రమంలో వెతికింది, లేదు. ఉండదు. ఎందుకంటే ఆ పేరుతో ఇప్పుడు దేశం లేదు.

స్ట్రెయిట్ అంటే జలసంధి, సెటిల్‌మెంట్ అంటే స్థావరం. మలక్కా జలసంధి పక్కన ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన పెనాంగ్, మలక్కా, సింగపూర్ అనే మూడు రేవుల్ని కలిపి 1826లో పెట్టిన పేరిది. ఓడలు పోయే దారి పొడవునా ఉన్న మూడు ముక్కలే తప్ప ఒక్కచోట ఉన్న నేల కాదు. చాలాకాలం వీటిమీద పెత్తనం కలకత్తాదే. 1867 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడదీసి నేరుగా లండన్ కింద పెట్టారు. కంపెనీ కాలంలో అక్కడ రూపాయినే చెల్లించాలని చూశారు గానీ వర్తకులు వినలేదు. వాళ్ళకి అలవాటైనవి స్పెయిన్, మెక్సికో వెండి డాలర్లు. చివరికి డాలరు, సెంటు లెక్కే స్థిరపడింది. 1903లో స్ట్రెయిట్స్ సొంత డాలరు తయారైనప్పుడు దాన్ని ముద్రించింది మాత్రం మన బొంబాయి టంకశాలలో.

రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఫిబ్రవరిలో, సింగపూర్ జపాన్ వశమైంది. యుద్ధం ముగిశాక పాత ఏర్పాటు తిరిగి రాలేదు. 1946 ఏప్రిల్ 1న స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌ని రద్దు చేశారు. పెనాంగ్, మలక్కా ఇప్పుడు మలేషియాలో ఉన్నాయి, సింగపూర్ వేరే దేశమైంది. కాబట్టి మా పిల్ల ప్రశ్నకి జవాబు ఒక దేశం కాదు, రెండు.

మరి మా తాత ఆ మూడు రేవుల్లో దేనిలో ఉన్నాడు? బహుశా దేనిలోనూ కాదు. తెలుగు కూలీలు ఎక్కువగా పనిచేసిన రబ్బరు, కొబ్బరి తోటలు పెరాక్, సెలంగార్ లాంటి మలయా సంస్థానాల్లో ఉండేవి. అవి స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్‌లో భాగం కాకపోయినా అక్కడా చెల్లింది ఈ డబ్బే. దిగువ పెరాక్‌లోని బగాన్ దాతో ప్రాంతంలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. నాణెం ఏ ప్రభుత్వానిదో చెబుతుంది గానీ, దాన్ని సంపాదించిన మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో చెప్పదు.

ఆ డబ్బు విలువ ఎంతో కూడా లెక్క కట్టాం. స్ట్రెయిట్స్ డాలరు 28 పెన్నీలు. 1927 నుంచి మన రూపాయి 18 పెన్నీలు. అంటే డాలరు మనకి దాదాపు ఇరవై అయిదు అణాలు. అందులో నూరోవంతు సెంటు, అణాలో పావు భాగం. మన పెద్దవాళ్ళు కానీ అనే పాత పైసా. 1920ల చివర్లో ముఖ్యమైన తోటల ప్రాంతాల్లో మగకూలీకి రోజుకి 50 సెంట్లు, ఆడకూలీకి 40 సెంట్లు ప్రామాణిక కూలీగా ఉండేది. మగమనిషికి రోజుకి పన్నెండణాల పైచిలుకు. 1930 మాంద్యంలో రబ్బరు ధర పడిపోగానే ఈ కూలీని కోశారు, ఎందరినో ఓడలెక్కించి వెనక్కి పంపేశారు. మా తాత ఆ ఓడల్లో వచ్చాడో, అంతకు ముందే వచ్చాడో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఇంట్లో లేరు. ఇలాంటి కూలీల వలసని మన ప్రభుత్వం 1938లో ఆపింది.

ఇంత తెలిశాక మా అల్లుడు అడగాల్సింది అడిగాడు: "మావయ్యగారూ, అమ్మితే ఎంతొస్తుంది?" పెద్దగా ఏమీ రాదు. అరిగిన 1926 సెంటు అరుదైనదేం కాదు. పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్లో కనిపించే ప్రకటనల్ని నమ్మి ముందుగా 'ఫీజు' కట్టినవాళ్ళు పోగొట్టుకున్నదే ఎక్కువ. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల కొనుగోలు పేరిట కమీషన్లు, రుసుములు అడిగేవాళ్ళని నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

వెళ్ళే రోజు మనవరాలు నాణేన్ని చిన్న కాగితపు పొట్లంలో పెట్టింది. పైన ఇలా రాసింది: "స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్, ఒక సెంటు, 1926. తాత వాళ్ళ తాత మలయా నుంచి తెచ్చినట్టుంది." ఆ 'తెచ్చినట్టుంది' నా వల్ల వచ్చింది. మా నాన్నని ఒక్కసారి అడిగి ఉంటే 'తెచ్చాడు' అని రాసేది.

మీ ఇంట్లోనూ అలాంటి సొరుగు ఉండే ఉంటుంది. అందులో నాణెం దొరికితే చింతపండు పెట్టకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించి, వాళ్ళు చెప్పింది ఒక చీటీ మీద రాసి దానితోపాటు దాచండి. ఏ దేశానిదో ఎప్పుడైనా వెతికి తెలుసుకోవచ్చు. ఎవరు తెచ్చారో మాత్రం ఆ పెద్దవాళ్ళు ఉన్నన్నాళ్ళే తెలుస్తుంది.