జప్తయిన షేరుపై ప్రీమియం ఎవరిది?

ఒక కంపెనీ పది రూపాయల షేరును పదిహేనుకు జారీ చేసిందనుకుందాం. దరఖాస్తుతో 3, కేటాయింపుపై ప్రీమియం 5 కలిపి 7, చివరి పిలుపుపై 5 రూపాయలు కట్టాలి. పైన వచ్చే ఆ అయిదూ లాభం కాదు. 2013 కంపెనీల చట్టం 52వ సెక్షన్ ప్రకారం దాన్ని సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలో విడిగా ఉంచాలి.

వంద షేర్లున్న ఒకాయన చివరి పిలుపు 500 కట్టలేదు. వెంటనే జప్తు చేయడం కుదరదు. కనీసం 14 రోజుల గడువిచ్చి, కట్టకపోతే షేర్లు పోతాయని స్పష్టంగా చెబుతూ నోటీసు పంపాలి. ఆ తర్వాతే బోర్డు తీర్మానం. పద్దులో షేరు మూలధనం 1,000 డెబిట్ చేసి, పిలుపు బకాయిలకు 500, జప్తు ఖాతాకు ఆయన కట్టిన మూలధనం 500 క్రెడిట్ చేస్తారు. చేతికందిన ప్రీమియాన్ని ముట్టుకోరు.

ఇంకొకావిడ అన్నే షేర్లకు దరఖాస్తు సొమ్ము 300 మాత్రమే కట్టారు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆమె నుంచి ప్రీమియం రానేలేదు కాబట్టి, మూలధనం 1,000తో పాటు ప్రీమియం 500 కూడా డెబిట్ చేసి రద్దు చేయాలి. అప్పుడే కేటాయింపు బకాయి 700, పిలుపు బకాయి 500, జప్తు ఖాతా 300 కలిసి 1,500కు సరిపోతాయి.

మొదటాయన షేర్లను తర్వాత ఎనిమిదేసి రూపాయలకు తిరిగి అమ్మితే, తగ్గిన 200 జప్తు ఖాతా భరిస్తుంది. మిగిలిన 300 మూలధన రిజర్వుకు వెళ్తుంది.