రోజుకు 42 ప్యాకెట్లా, 251 ప్యాకెట్లా?

కాలేజీల్లో జరిగే స్టార్టప్ పోటీలను గమనించినవాళ్లకు తెలుసు, అసలు పరీక్ష స్లైడ్లన్నీ అయిపోయాక మొదలవుతుంది. అప్పటిదాకా ధాటిగా మాట్లాడిన జట్టు, జడ్జి అడిగే చిన్న ప్రశ్నకు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంది. ఆ ప్రశ్నలు పైకి మార్కెట్ గురించి, ధర గురించి, ఖర్చు గురించి వేరువేరుగా వినిపిస్తాయి. జడ్జి మాత్రం ఒకే ప్యాకెట్ వెంట నడుస్తుంటాడు. అది ఎవరి చేతిలోకి వెళ్తుంది, దారిలో దాని మీద ఎవరెవరు ఎంత తీసుకుంటారు, చివరికి తయారుచేసినవాళ్లకు ఏం మిగులుతుంది అన్నదే అతనికి కావాలి.

లెక్క కోసం ఒక ప్లాన్ ఊహించుకుందాం. విజయవాడలో నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు కిలో దోసె పిండి ప్యాకెట్లు చేసి కిరాణా కొట్లకు వేస్తారు. ఎంఆర్‌పీ 80 రూపాయలు. మొదటి స్లైడులో దేశంలోని ఆహార మార్కెట్ విలువ వేల కోట్లలో ఉంటుంది. దాని కింద, ఎన్నో పోటీల్లో కనిపించే వాక్యం: ‘ఇందులో ఒక్క శాతం మనకొచ్చినా చాలు.’

ఆ ఒక్క శాతం ఎలా వస్తుందని అడిగితే దాదాపు ఎవరూ చెప్పలేరు. బిస్కెట్లూ నూనెలూ కలిసిన ఆ పెద్ద అంకెకు, విజయవాడలో ఒక ఇంట్లో శనివారం సాయంత్రం పిండి కొనాలా, రుబ్బుకోవాలా అన్న నిర్ణయానికి సంబంధం లేదు. ‘మాకు పోటీ లేదు సార్’ అన్న జవాబు ఇంకా ప్రమాదం. ఇంట్లో గ్రైండరు పోటీ, సందులో కిలోల లెక్కన విడిపిండి అమ్మే ఆవిడ పోటీ, వీధి చివరి టిఫిన్ బండీ పోటీయే. మార్కెట్ మాట ప్రస్తుతానికి ఇక్కడ ఆపి, ప్యాకెట్ దగ్గరికి వెళ్దాం. ఆ లెక్క తేలితే మార్కెట్ ఎంత కావాలో దానంతటదే బయటపడుతుంది.

విద్యార్థుల ఖర్చు లెక్క ఇలా ఉంటుంది. మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. బియ్యం కిలో 45, పప్పు 125 అనుకుంటే ఆ మిశ్రమం కిలో 65 రూపాయలు పడుతుంది. నానబెట్టి రుబ్బితే రెండున్నర కిలోల పిండి అవుతుందనుకుంటే, కిలో పిండికి 26 రూపాయలు. ఉప్పు, నీళ్లు, కరెంటు 3, కవరు 3 కలిపి మొత్తం 32. ఎనభైలోంచి 32 తీసేస్తే 48 రూపాయల లాభం! పనివాళ్లకు, గది అద్దెకు కలిపి నెలకు 60 వేలు రాసుకున్నారు. అరవై వేలను 48తో భాగిస్తే నెలకు 1,250 ప్యాకెట్లు, అంటే రోజుకు 42. అంతమాత్రం ఎవరైనా అమ్ముతారు కదా అనిపిస్తుంది.

ఇక్కడ జడ్జి మెల్లగా అడుగుతాడు: “ఈ 80 రూపాయలు మీ చేతికొస్తాయామ్మా?”

రావు. 80 అన్నది ఇల్లాలు కొట్టువాడికి ఇచ్చే డబ్బు. కొట్టువాడు 15 శాతం ఉంచుకుంటే 12 రూపాయలు అక్కడే ఆగుతాయి, మనకొచ్చేది 68. పన్ను సంగతి పక్కన పెట్టినా లెక్క అప్పుడే మారిపోయింది. ఇక రెండో ప్రశ్న చాలా జట్లను ముంచేది: “అమ్ముడుపోని ప్యాకెట్లు ఎవరివి?” పిండి బిస్కెట్ల లాంటిది కాదు, రోజురోజుకూ పులుస్తుంది. కొట్లో ఫ్రిజ్ రాత్రిపూట ఆపేస్తే ఇంకా త్వరగా పొంగి కవరు ఉబ్బుతుంది. అలాంటి సరుకుకు కొట్టువాడు నష్టం భరించడు, మిగిలినవి వెనక్కి ఇచ్చేస్తాడు. వందలో పది వెనక్కొచ్చాయనుకుందాం. తొంభై ప్యాకెట్లకు 68 చొప్పున 6,120 రూపాయలు వస్తాయి. కానీ తయారుచేసింది వంద కాబట్టి ఖర్చు 3,200. మిగిలింది 2,920, అంటే తయారైన ప్యాకెట్‌కు 29 రూపాయలు. నలభై ఎనిమిది అన్నది 29కి దిగింది.

మూడో ప్రశ్న నెలవారీ ఖర్చు మీద. తెల్లవారుజామున కొట్లకు ఎవరు వేస్తారు? ఇద్దరు మనుషులకు బండీ, పెట్రోలుతో కలిపి 50 వేలు. చల్లగా ఉంచడానికి కరెంటు 15 వేలు. గ్రైండర్ల అప్పు వాయిదా 15 వేలు. అన్నిటికన్నా తరచుగా కనిపించకుండా పోయే పద్దు ఆ నలుగురి జీతం. కనీసం తలో 20 వేలైనా వేసుకుంటే 80 వేలు. ‘మేం జీతం తీసుకోం మేడమ్’ అంటారు, నిజాయితీగానే అంటారు. కానీ చదువు పూర్తయ్యాక ఇంట్లోవాళ్లు ఉద్యోగం సంగతి అడిగిన రోజున ఆ 80 వేలు ఎక్కడినుంచో రావాలి. రాకపోతే జట్టు చెదిరిపోతుంది. అన్నీ కలిపితే 60 వేలు కాస్తా రెండు లక్షల 20 వేలు. దాన్ని 29.2తో భాగిస్తే నెలకు 7,534, రోజుకు 251 ప్యాకెట్లు. అదే పిండి, అదే ధర. నలభై రెండు ఆరింతలైంది.

రోజుకు 251 పెద్ద అంకేమీ కాదనుకునేవాళ్లకు ఒక సంగతి. 2005లో బెంగళూరులో పి.సి. ముస్తఫా తన దాయాదులతో కలిసి ఇడ్లీ, దోసె పిండితోనే ఐడీ ఫ్రెష్ మొదలుపెట్టారు. ఈరోజు పెద్ద కంపెనీ అయిన అది రోజుకు వంద ప్యాకెట్లు అమ్మే స్థాయికి చేరడానికే నెలలు పట్టింది.

ఇప్పుడు ధర. ‘అమ్మకం పెరగాలంటే పది రూపాయలు తగ్గిస్తాం’ అన్నది విద్యార్థులకు వెంటనే తోచే జవాబు. తగ్గించి చూద్దాం. ఎంఆర్‌పీ 70 అయితే కొట్టువాడి వాటా పోగా మనకు 59.50. తొంభై ప్యాకెట్లకు 5,355. అందులో ఖర్చు 3,200 తీసేస్తే ప్యాకెట్‌కు ఇరవై ఒకటిన్నర. నష్టం లేకుండా ఉండటానికి రోజుకు 340 ప్యాకెట్లు కావాలి. ధర ఎనిమిదో వంతు తగ్గిస్తే అమ్మకం మూడో వంతుకు మించి పెరగాలన్నమాట. మినప్పప్పు కిలో 150కి ఎగబాకినా అవసరమయ్యేది 275 మాత్రమే. పప్పు ధర గురించి గంటసేపు వాదించే జట్టు, తన ధర గురించి రెండు నిమిషాలు కూడా ఆలోచించకపోవడం నాకు వింతగా అనిపిస్తుంది. రిటర్నులు ఇరవై శాతమైతే 327 కావాలి. కాబట్టి కాపాడుకోవాల్సినవి రెండు, ధర, రిటర్ను.

ఎనభైకి కొంటారని ఎలా తెలుసు? స్నేహితులకు ఫారం పంపి ‘కొంటారా’ అని అడిగితే అవునంటారు, ఊరికే అన్నంత మాత్రాన వాళ్లకు పోయేదేముంది? రెండు అపార్టుమెంట్లలో, ఒకచోట 70కి, ఒకచోట 80కి నిజంగా డబ్బు తీసుకుని అమ్మి, రెండో వారం మళ్లీ ఎవరు కొన్నారో చూస్తే అది జవాబు. మొదటి వారం కొన్నవాళ్లలో మొహమాటం కోసం కొన్నవాళ్లుంటారు.

ఇక మార్కెట్ సంగతి. 251లో పదో వంతు వెనక్కొస్తే అమ్ముడుపోవాల్సినవి 226. ఒక ఇల్లు వారానికి రెండు కిలోలు కొంటే దాదాపు 800 ఇళ్లు చాలు. 2011 జనాభా లెక్కల్లో విజయవాడ జనం పది లక్షల పైచిలుకు. ఇంటికి నలుగురనుకుంటే రెండున్నర లక్షల ఇళ్లు. ఊరికేం కొదవ లేదు, వేల కోట్ల స్లైడు అక్కర్లేదు. కావలసింది ఆ 800 ఇళ్లు ఏ కొట్ల చుట్టూ ఉన్నాయన్న వివరం. కొట్టుకు రోజుకు ఐదు ప్యాకెట్లు వేస్తే యాభై కొట్లు, మూడే పోతే ఎనభైకి పైగా. యాభై అయితే ఇద్దరు మనుషులు టిఫిన్ వేళకు ముందే ముగించగలరు. ఎనభై అయితే మూడో బండి కావాలి, అప్పుడు నెలవారీ ఖర్చు మరో 25 వేలు పెరిగి, 251 అన్న అంకె కూడా పనికిరాదు. పటమటలోనో, సత్యనారాయణపురంలోనో ఒక వారం కొట్ల ముందు నిలబడి, ఫ్రిజ్ రాత్రంతా నడిచేవి ఎన్నో, రోజుకు ఎన్ని పిండి ప్యాకెట్లు కదులుతున్నాయో రాసుకొచ్చిన జట్టు చేతిలో ఈ ప్రశ్నకు జవాబుంటుంది.