ఫోటోలో కళ్లజోడు చెరిపేస్తే నీడ పట్టిస్తుంది

కూతురి పురుడుకు అమెరికా వెళ్లాల్సిన అమ్మీకి వీసా ఫోటో కావాలి. ఉన్న ఫోటోలోనే కళ్లజోడు తీసేయమని చాలామంది స్టూడియోవాళ్లను అడుగుతుంటారు. అది చూసినంత తేలిక కాదు.

ఫోటోషాప్‌లో హీలింగ్ బ్రష్‌తో ఫ్రేమ్ చెరిపేస్తారు. కానీ ఫ్రేమ్ చెంపపై వేసిన సన్నని నీడ, ముక్కుపై ప్యాడ్ల గుర్తులు మిగిలిపోతాయి. వాటినీ తీయాలంటే పక్కనే, అదే వెలుగు పడిన చర్మం నుంచి నమూనా తీసుకోవాలి. నుదుటి చర్మం తెచ్చి అతికిస్తే మచ్చలా కనిపిస్తుంది.

అద్దం మెరుపు ఇంకా కష్టం. అది కన్నును కప్పేస్తే, ఆ కన్ను ఫోటోలో లేనట్టే. రెండో కన్నును తిప్పి అతికిస్తే, నల్లగుడ్డులోని వెలుగు చుక్క తప్పు వైపుకు వస్తుంది. జూమ్ చేస్తే ఇట్టే దొరికిపోతుంది.

పెళ్లి ఆల్బమ్‌కైతే ఈ పని చేయించుకోవచ్చు. వీసాకు మాత్రం కుదరదు. అమెరికా వీసా ఫోటోల్లో 2016 నవంబరు 1 నుంచి కళ్లజోడు పెట్టుకోనివ్వడం లేదు. వైద్య కారణాలకే మినహాయింపు. ఎడిటింగ్‌తో రూపు మార్చడమూ నిషిద్ధమే. కాబట్టి అమ్మీ కళ్లజోడు పక్కన పెట్టి, కొత్తగా ఫోటో దిగాల్సిందే.