కలలో దారి తప్పినప్పుడు

ఎప్పుడూ చూడని ఊరు. సందులోంచి ఇంకో సందులోకి వెళితే, వచ్చిన సందు వెనక ఉండదు. ఇందాక మెట్లున్న చోట గోడ లేచి ఉంటుంది. బోర్డు మీది అక్షరాలు చదివేలోపే మారిపోతాయి. ఎక్కడికో ఆలస్యమైపోతోందని మాత్రం తెలుసు. ఈ రకం కల రానివాళ్లు తక్కువ. ఒక్కొక్కరికి ఒక్కో రూపంలో వస్తుంది: పరీక్ష హాలు దొరకదు, స్టేషన్‌లో ప్లాట్‌ఫారం దొరకదు, పెళ్లి జరుగుతున్న ఇల్లు దొరకదు.

పొద్దున్నే దీనికి ఫలితమేమిటని పంచాంగం తిరగేసేవాళ్లున్నారు. కానీ మన ప్రాచీన వైద్యులు ప్రతి కలకీ ఫలితం ఉంటుందని అనలేదు. చరక సంహిత కలలను ఏడు రకాలుగా విడదీసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి కలలుగా వస్తే వాటికి ఫలం లేదని తేల్చింది. దారి తప్పే కలలు చాలావరకు ఈ ఐదింటిలోకే వస్తాయని నా నమ్మకం. జరగబోయేది వాటిలో వెతికితే దొరకదు. జరుగుతున్నది వెతికితే దొరకవచ్చు.

ఈ మాటకు ఆధారంగా ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అమెరికాలో ఎరిన్ వామ్స్‌లీ, రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే నిద్రా పరిశోధకులు 99 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద ఒక చిక్కుదారుల వలయంలో తిప్పారు. ఆ వలయంలో ఒక చెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత సగం మందిని గంటన్నర సేపు పడుకోనిచ్చారు, మిగతావాళ్లను మెలకువగానే ఉంచారు. మొదటిసారి ఆడిన ఐదు గంటలకు అందరినీ మళ్లీ అదే వలయంలో, వేరే వేరే చోట్ల వదిలి చెట్టు దగ్గరికి వెళ్లమన్నారు. నిద్రలో వలయానికి సంబంధించిన కల వచ్చిందని చెప్పినవాళ్లు నలుగురే. పడుకున్నా అలాంటి కల రానివాళ్లతో పోలిస్తే ఆ నలుగురూ దాదాపు పది రెట్లు ఎక్కువ మెరుగుపడ్డారు. మెలకువగా కూర్చుని వలయం గురించి ఆలోచించినవాళ్లకు ఆ లాభం కలగలేదు. ఈ ఫలితాలు 2010లో వెలువడ్డాయి.

ఈ ప్రయోగంలో నన్ను పట్టి నిలిపినవి రెండు సంగతులు. ఆ నలుగురూ మొదటిసారి ఆటలో బాగా తడబడినవాళ్లు. అంటే సులువుగా దారి దొరికినవాళ్ల మనసు దాన్ని వదిలేసింది, దొరకనివాళ్ల మనసు మాత్రం దాన్ని పట్టుకుని కూర్చుంది. ఇక రెండోది, వాళ్ల కలల్లో సరైన దారి ఎక్కడా కనబడలేదు. ఒకరికి ఆటలోని సంగీతం మాత్రమే వినిపించింది. ఇంకొకరికి ఎన్నడో తిరిగిన గబ్బిలాల గుహలు ఈ వలయంతో కలగలిసి కనిపించాయి. నిద్రలో మెదడు కొత్త చిక్కును పాత అనుభవాల పక్కన పెట్టి చూస్తోందన్నమాట. కల వల్లే వాళ్లు మెరుగుపడ్డారని దీంతో రుజువు కాదు. లోపల జరిగే పనికి కల ఒక గుర్తు మాత్రమే కావచ్చు. పైగా నలుగురంటే చాలా చిన్న సంఖ్య. కానీ అదే పరిశోధకులు తర్వాత మళ్లీ చేసిన ప్రయోగంలోనూ ఫలితం అటువైపే మొగ్గింది.

లోపల ఆ పని ఎలా సాగుతుందో ఎలుకలలో చూశారు. మెదడు లోపలి హిప్పోకాంపస్ అనే భాగంలో కొన్ని కణాలు ఒక్కో చోటుకు ఒక్కొక్కటి చొప్పున స్పందిస్తాయి. వీటిని 1971లో గుర్తించిన జాన్ ఓకీఫ్‌కు 2014లో నోబెల్ బహుమతి దక్కింది. ఎలుక ఒక బాటలో పరుగెత్తినప్పుడు వెలిగిన కణాలే, అది నిద్రపోయాక మళ్లీ కలిసి వెలుగుతాయని 1994లో తేలింది. ఎలుక కల కంటోందో లేదో మనకు తెలియదు గానీ, నడిచిన దారిని దాని మెదడు తిరిగి నడుస్తోంది.

మరి మన కలల్లో దారి ఎందుకు దొరకదు? కలలు స్పష్టంగా వచ్చే రెమ్ నిద్రలో, అంటే మూసిన రెప్పల కింద కళ్లు చకచకా కదిలే దశలో, దృశ్యాలను, భావోద్వేగాలను చూసుకునే భాగాలు బాగా పనిచేస్తాయి. నుదుటి వెనక పైభాగం మాత్రం మందగిస్తుంది. ఎక్కడికి బయల్దేరాం, ఎన్ని మలుపులు తిరిగాం, ఇక ఎటు వెళ్లాలి అని లెక్క పెట్టుకునేది ఆ భాగమే. అందుకని భయం, తొందర నిండుగా ఉంటాయి, దారి లెక్క మాత్రం నిలవదు. కలలో దారి తప్పడంలో కొంత భాగం కేవలం నిద్ర స్వభావమే. ప్రతి సందుకూ అర్థం లాగాల్సిన పని లేదు.

అర్థం ఉంటే అది కలలోని భావంలో ఉంటుంది. నాకు తెలిసిన ఒకావిడ భర్త పోయాక తెనాలి నుంచి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లారు. ఆవిడకు తరచూ ఒకే కల. పెరుగు ప్యాకెట్‌తో తిరిగి వస్తుంటే అపార్ట్‌మెంట్ బ్లాకులన్నీ ఒకేలా ఉంటాయి. ఫ్లాట్ నంబరు గుర్తురాదు. ఫోన్ నొక్కితే అంకెలు నిలవవు. “భయమేసిందా పిన్నీ?” అని అడిగాను. “భయం కాదురా, సిగ్గు. అబ్బాయికి ఫోన్ చేసి దారి అడగాలి కదా అని” అన్నారు. ఆ మాటతో కల తెరుచుకుంది. ఆవిడ వెతుకుతున్నది ఇల్లు కాదు, ఒకరిని అడగకుండా బతికిన తన పాత రోజులు. అప్పటికి ఆవిడ ఒంటరిగా గేటు కూడా దాటలేదు. తర్వాత కొట్టు దాకా, ఆపై గుడి దాకా వెళ్లడం మొదలుపెట్టారు. కల ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తూనే ఉంది. లేచాక గుండెదడ మాత్రం లేదంటారు.

మీకూ అలాంటి కల వస్తే, లేవగానే రెండు మూడు వాక్యాలు రాసుకోండి. దేనికోసం వెతికారు, ఎలా అనిపించింది, ఆ అనుభూతి మెలకువలో ఎక్కడ ఎదురవుతోంది అన్నవి చాలు. ముందురోజు జరిగినవే కాక, ఐదు నుంచి ఏడు రోజుల కిందటివీ గుర్తుచేసుకోండి. అనుభవాలు అంత ఆలస్యంగా కూడా కలల్లోకి వస్తాయని పరిశోధకులు గమనించారు. సమాధానం తట్టకపోతే బలవంతంగా అతికించుకోవద్దు.

ఒకే పీడకల పదేపదే నిద్ర పాడుచేస్తుంటే దానికి చికిత్స ఉంది. పగలు మెలకువగా ఉన్నప్పుడు ఆ కలను మీకు నచ్చినట్టు మార్చి రాసుకుని, మార్చిన కలను రోజూ ఓ పది, ఇరవై నిమిషాలు మనసులో చూసుకోవాలి. గాయపడిన మనసులకు వచ్చే పీడకలలను సైతం ఈ పద్ధతి తగ్గించింది. అలాంటి గాయం ఉన్నవాళ్లు మానసిక వైద్యుల సాయంతోనే చేయడం మంచిది.

కలలో దారి తప్పడం మతిమరుపు జబ్బుకు సూచన కాదు. కానీ రోజూ నడిచే వీధిలో మెలకువగా ఉండి దారి తప్పుతుంటే, లేదా నిద్రలో కలకు తగ్గట్టు కేకలు వేస్తూ కాళ్లూ చేతులూ విసురుతుంటే, ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.