కెమెరా ఆగినా మైకు ఆగలేదు

అమెరికాలో 2015లో హెచ్‌బీఓ ఛానల్‌లో ‘ద జింక్స్’ అనే ఆరు భాగాల డాక్యుమెంటరీ వచ్చింది. దర్శకుడు ఆండ్రూ జరెకీ. న్యూయార్క్ రియల్ ఎస్టేట్ కుటుంబానికి చెందిన రాబర్ట్ డర్స్ట్ కథ అది. 1982లో అతని భార్య కనిపించకుండా పోయింది. 2000లో స్నేహితురాలు సూసన్ బెర్మన్ లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో హత్యకు గురైంది. రెండింటిలోనూ అనుమానం అతని మీదే, రుజువు మాత్రం లేదు.

2012లో తీసిన చివరి ఇంటర్వ్యూలో జరెకీ రెండు కవర్లు డర్స్ట్ ముందు పెట్టాడు. ఒకటి డర్స్టే సూసన్‌కు రాసిన ఉత్తరానిది. రెండోది, ఫలానా ఇంట్లో శవం ఉందని పోలీసులకు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరానిది. రెండింటి మీదా అవే పెద్దక్షరాలు, ‘బెవర్లీ’ స్పెల్లింగ్‌లో అదే తప్పు. అయినా డర్స్ట్ ఒప్పుకోలేదు. ఇంటర్వ్యూ ముగిసింది, సినిమాకు ముగింపు మాత్రం దొరకలేదు.

డర్స్ట్ లేచి బాత్‌రూమ్‌కి వెళ్లాడు. చొక్కాకు పెట్టిన వైర్‌లెస్ మైకు అలాగే ఉంది, రికార్డింగ్ నడుస్తూనే ఉంది. లోపల ఒంటరిగా గొణుక్కున్నాడు. ఆ మాటలు యూనిట్‌లో ఎవరి చెవికీ అందలేదు. రెండేళ్లు దాటాక, మిగిలిపోయిన ఆడియో వింటున్న ఒక ఎడిటర్‌కు అవి దొరికాయి: “అందరినీ చంపేశాను, అంతేగా.”

ఇన్నాళ్లు ఎలా తప్పిపోయిందని అనిపిస్తుంది. డాక్యుమెంటరీల్లో బొమ్మ, శబ్దం తరచుగా వేర్వేరు యంత్రాల్లో రికార్డవుతాయి. ఎడిటింగ్‌లో ముందు ఆ రెండింటినీ జత చేస్తారు. కెమెరా ఆగాక కూడా సాగిన శబ్దానికి జత కలిపేందుకు బొమ్మ ఉండదు. అందుకే టైమ్‌లైన్‌లోకి రాకుండా ఫైల్ చివర అలా పడి ఉంటుంది. వీడియో కంటే ఆడియో నిడివి ఎక్కువగా కనిపిస్తే ఆ తోకను తప్పక వినాలి. విసుగు పుట్టించే పనే అది. కుర్చీలు జరిపిన చప్పుళ్లు, దగ్గులు, నీళ్ల శబ్దం గంటల తరబడి వింటే గానీ ఒక్క మాట దొరకదు.

సినిమా ఆ గొణుగుడుతోనే ముగుస్తుంది. “నేనేం చేశాను?” అన్న ప్రశ్న, వెంటనే “అందరినీ చంపేశాను” అన్న జవాబు వినిపిస్తాయి. అసలు రికార్డింగ్‌లో ఆ వరుస లేదు. చంపేశాను అన్నది ముందు, ప్రశ్న ఆ తర్వాత, మధ్యలో వేరే మాటలు. ఈ సంగతి 2019లో కోర్టు పత్రాల ద్వారా బయటపడింది. ఆ టేక్‌ను వెతికి పట్టిన ఓపికకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ కత్తెరను నేను సమర్థించలేను. ఆ మాట ఉన్నచోటనే ఉన్నా ఒళ్లు జలదరించేది. ముక్కలు మార్చి అతికించడంతో డర్స్ట్ లాయర్ల చేతికి ఒక వాదన దొరికింది.

ఆఖరి భాగం ప్రసారానికి ముందురోజు, 2015 మార్చి 14న, డర్స్ట్ న్యూ ఆర్లీన్స్‌లో అరెస్టయ్యాడు. సూసన్ హత్య కేసులో 2021లో యావజ్జీవ శిక్ష పడింది. మరుసటి జనవరిలో కస్టడీలోనే చనిపోయాడు.