నాలుగున్నర సెంటీమీటర్ల గొట్టంలో సూత్రం ఎందుకు తప్పుతుంది?

ప్రమాదంలో నెత్తురు బాగా పోయిన మనిషిని క్యాజువాల్టీకి తెస్తే నర్సు ముందు చేసే పని చేతి నరంలోకి కాన్యులా ఎక్కించడం. దాని రంగు చూస్తే లోపలి గొట్టం ఎంత లావో తెలుస్తుంది. గులాబీ రంగుది 20 గేజ్, ఆకుపచ్చది 18, బూడిద రంగుది 16, ఆరెంజ్ 14. గేజ్ అంకె తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది. సెలైన్ త్వరగా ఎక్కాలంటే లావుపాటి కాన్యులా పెట్టాలని వైద్య విద్యార్థులకు మొదట్లోనే చెబుతారు. దానికి కారణంగా ఒక సూత్రాన్ని కూడా నేర్పుతారు: ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వ్యాసం రెట్టింపయితే ప్రవాహం పదహారు రెట్లు కావాలి.

ఇప్పుడు ఆసుపత్రుల్లో విరివిగా కనిపించే పట్టిక చూడండి. ఆకుపచ్చ కాన్యులా నుంచి నిమిషానికి సుమారు 90 మిల్లీలీటర్లు, ఆరెంజ్ నుంచి సుమారు 240 అని ఉంటుంది. ఆకుపచ్చదాని లోపలి వ్యాసం 0.95 మిల్లీమీటర్ల ప్రాంతంలో, ఆరెంజ్‌ది 1.7 ప్రాంతంలో ఉంటుంది. కంపెనీని బట్టి ఈ కొలతలు కొంచెం మారతాయి. నాలుగో ఘాతం లెక్క వేస్తే ఆరెంజ్ కాన్యులా పది రెట్లు పారాలి, పట్టికేమో మూడు రెట్లు కూడా చూపడం లేదు. పట్టికలో అచ్చుతప్పేమీ లేదు. ఆ సూత్రం వర్తించడానికి ఒక షరతు ఉంది. ఈ పొట్టి గొట్టంలో ఆ షరతు తీరదు.

ఆ షరతేమిటో తెలియాలంటే గొట్టం మూతి దగ్గర నిలబడి చూడాలి. పంట కాలువలో గట్టు పక్కన పడిన ఆకు మెల్లగా కదులుతుంది, నడుమ పడిన ఆకు చకచకా సాగిపోతుంది. గొట్టంలోనూ అంతే. గోడను తాకే నీరు గోడకే అంటుకుని నిలిచిపోతుంది, నడిమధ్య నీరు అన్నిటికన్నా వేగంగా పోతుంది. సుడులు లేని నిలకడైన ప్రవాహంలో ఈ వేగాలను గీసి చూస్తే పారబోలా ఆకారం వస్తుంది. నడుమ వేగం సగటు వేగానికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది.

అయితే నీరు ఈ ఆకారంతో పుట్టదు. సీసాలోంచో వెడల్పాటి భాగంలోంచో సన్నని గొట్టంలోకి దిగే క్షణాన అడ్డకోత అంతటా నీరు దాదాపు ఒకే వేగంతో ఉంటుంది. లోపలికి వచ్చాక గోడను తాకిన పొర ముందు ఆగుతుంది. అది తన పక్క పొరను పట్టి లాగుతుంది, ఆ పొర మరో పక్క పొరను లాగుతుంది. ముందుకు సాగేకొద్దీ ఈ మందకొడి పొర మందమవుతుంది. గోడ దగ్గర తగ్గిన నీరు ఎక్కడో ఒకచోట పోవాలి కాబట్టి నడిమి నీరు వేగం పుంజుకుంటుంది. చుట్టూ పెరుగుతున్న ఆ పొర నడిమధ్యకు చేరి వేగాలు తుది ఆకారానికి వచ్చేదాకా పట్టే దూరాన్నే ప్రవేశ దూరం అంటారు. ఆ తర్వాత గొట్టం ఎంత పొడవున్నా వేగాల ఆకారం మారదు.

నాలుగో ఘాతం సూత్రం ఆ తర్వాతి భాగానికి మాత్రమే చెందింది. దాన్ని ప్రయోగాలతో రాబట్టినవారిలో ఒకరు జర్మన్ ఇంజనీరు హాగెన్ (1839), మరొకరు పారిస్ వైద్యుడు ప్వాజేయ్. ప్వాజేయ్ 1838 నుంచి 1846 దాకా వెంట్రుకల్లాంటి గాజు గొట్టాల్లో నీరు పారించి కొలిచాడు. ఆయనకు కావలసింది శరీరంలోని అతి సన్నని రక్తనాళాల్లో నెత్తురు ఎలా పారుతుందన్న సంగతి. అందుకే గొట్టాలు అంత సన్ననివి. గొట్టం మరీ పొట్టిదైతే తన నియమం నిలవదని ఆయన ప్రయోగాల్లోనే బయటపడింది. హాగెన్ అయితే పీడనంలో కొంత భాగం నీటికి వేగం ఇవ్వడానికే ఖర్చవుతుందని గుర్తించి, ఆ భాగం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని విడిగా రాశాడు. 1860లో హాగెన్‌బాఖ్ ఆ సవరణను సిద్ధాంతపరంగా నిలబెట్టాడు. నియమాన్ని కనిపెట్టినప్పుడే దాని హద్దు కూడా తెలిసింది. క్లాసుల్లో మాత్రం నియమం మిగిలింది, హద్దు జారిపోయింది.

ఇక ఆకుపచ్చ కాన్యులాకు లెక్క వేద్దాం. లోపలి వ్యాసం 0.95 మిల్లీమీటర్లు, పొడవు 45 మిల్లీమీటర్లు, నిమిషానికి 90 మిల్లీలీటర్లు పారుతోంది. సెలైన్‌ను 20 డిగ్రీల వద్ద నీరుగానే తీసుకుందాం, తేడా స్వల్పం. ఇంత సన్నని గొట్టంలోంచి ఆ నీరు పోవాలంటే సగటు వేగం సెకనుకు 2.12 మీటర్లు కావాలి. వేగాన్ని వ్యాసంతో గుణించి, సాంద్రతతో పోల్చిన జిగటతో భాగిస్తే వచ్చే రెనాల్డ్స్ సంఖ్య సుమారు 2,000. ఇది 2,300 దాటితే సుడులు మొదలయ్యే అవకాశం ఉంటుంది. అంటే మనం గీతకు ఇవతలే ఉన్నాం గానీ గీత దగ్గర్లోనే ఉన్నాం.

సుడులు లేని ప్రవాహానికి ప్రవేశ దూరం ఇలా వస్తుంది:

`ప్రవేశ దూరం ≈ 0.06 × Re × D`

Re రెనాల్డ్స్ సంఖ్య, D వ్యాసం. అంకెలు వేస్తే సుమారు 115 మిల్లీమీటర్లు తేలుతుంది. కాన్యులా పొడవేమో 45. తుది ఆకారానికి రావడానికి నీటికి పదకొండున్నర సెంటీమీటర్లు కావాలి, గొట్టం నాలుగున్నరకే అయిపోతోంది. సూత్రం ఏ ప్రవాహానికి రాశారో ఆ ప్రవాహం ఈ కాన్యులాలో ఒక్క మిల్లీమీటరులో కూడా లేదు.

ఇది పీడనాన్ని ఎంత మారుస్తుంది? ముందు మామూలు సూత్రం, `ΔP = 32 μ L V / D²`, వేసి చూస్తే సుమారు 3,380 పాస్కల్స్ వస్తుంది. సీసా ఎత్తు లెక్కలో అది 34 సెంటీమీటర్ల నీరు. అంటే సీసాను మూరెడు ఎత్తున కూడా పెట్టనక్కర్లేదు, 90 మిల్లీలీటర్లు వచ్చేస్తాయని సూత్రం చెబుతోంది.

ఇందులో మూడు ఖర్చులు రాలేదు. మొదటిది, సీసాలో దాదాపు నిశ్చలంగా ఉన్న నీటికి సెకనుకు 2.12 మీటర్ల వేగం ఇవ్వడం. దానికి 23 సెంటీమీటర్ల ఎత్తు పడుతుంది. దీన్ని ఒక వేగపు ఎత్తు అనుకుందాం. రెండోది, సమాన వేగం పారబోలాగా మారడం. సగటు వేగం అదే అయినా పారబోలాలో నడిమి నీరు రెట్టింపు వేగంతో పోతుంది కాబట్టి, ఆ ప్రవాహం మోసుకుపోయే గతిశక్తి సమాన వేగపు ప్రవాహంలో ఉన్నదానికి రెండింతలు. అంటే పూర్తిగా మారేసరికి ఇంకో వేగపు ఎత్తు ఖర్చు. మూడోది గోడ దగ్గరి అదనపు రాపిడి. మూతి దగ్గర మందకొడి పొర ఇంకా చాలా పలుచన. అంత పలుచని పొరలోనే వేగం సున్నా నుంచి పూర్తి స్థాయికి పెరగాలి కాబట్టి అక్కడ గోడ నీటిని గట్టిగా పట్టి లాగుతుంది. దీనికి పావు వంతు వేగపు ఎత్తు.

మూడూ కలిస్తే రెండుంపావు వేగపు ఎత్తులు, మన లెక్కలో 52 సెంటీమీటర్లు. గొట్టం ప్రవేశ దూరం కన్నా పొడవైనప్పుడు ఈ మొత్తాన్ని మామూలు సూత్రపు జవాబుకు కలిపితే చాలు. మన కాన్యులాలో ఆకారం పూర్తిగా మారకముందే గొట్టం ముగుస్తుంది కాబట్టి ఖర్చు కాస్త తక్కువ. పెరుగుతున్న ప్రవాహానికి షా, లండన్ అనే పరిశోధకులు ఇచ్చిన సూత్రంతో లెక్కిస్తే అదనం సుమారు 48 సెంటీమీటర్లు తేలుతుంది. మొత్తం 82. సూత్రం చెప్పిన 34కు ఇది రెండున్నర రెట్ల దాకా ఉంది. తిప్పి చెబితే, 82 సెంటీమీటర్ల ఎత్తు పెట్టి మామూలు సూత్రాన్ని నమ్మితే నిమిషానికి 214 మిల్లీలీటర్లు ఆశిస్తాం. వచ్చేది 90.

పట్టికలో ఆరెంజ్ కాన్యులా పది రెట్లు ఎందుకు పారదో కూడా ఇక్కడే తెలుస్తోంది. గొట్టం లావైతే గోడ రాపిడి బాగా తగ్గిపోతుంది, మిగిలిన ఖర్చంతా నీటికి వేగం ఇవ్వడానిదే. ఆ ఖర్చు వ్యాసం పెరిగినా తగ్గదు. లావుపాటి కాన్యులాయే మంచిదన్న మాట నిజమే, దాని లాభం మాత్రం నాలుగో ఘాతం చెప్పినంత ఉండదు. ఆరెంజ్ కాన్యులాలో రెనాల్డ్స్ సంఖ్య 2,300 దాటిపోతుంది కాబట్టి సుడులు కూడా తోడయ్యే వీలుంది.

ఇంత లెక్క వేయకుండానే ఈ తేడాను పసిగట్టవచ్చు. ప్రయోగశాలలో అదే కాన్యులాకు సీసాను సగం ఎత్తున, 41 సెంటీమీటర్ల దగ్గర పెట్టి పారిన నీటిని కొలవండి. మామూలు సూత్రం నిజమైతే ప్రవాహం సగమై 45 మిల్లీలీటర్లు రావాలి. మన లెక్క ప్రకారం 57 వస్తాయి. ఎత్తు సగమైనా ప్రవాహం సగం కాలేదంటే, వేగపు వర్గంతో మారే ఖర్చు లోపల ఉన్నట్టే. ఇంకా తేటగా చూడాలంటే ఒకే బోరున్న నాలుగైదు గొట్టాలను, ప్రవేశ దూరం కన్నా పొడవైనవాటిని, వేర్వేరు పొడవుల్లో తీసుకోండి. అన్నిటిలో ఒకే ప్రవాహం పారించి పొడవుకు పీడనం గ్రాఫ్ గీయండి. సరళరేఖే వస్తుంది గానీ అది సున్నా దగ్గర మొదలవదు. రేఖను వెనక్కి పొడిగిస్తే సున్నా పొడవు దగ్గర కూడా మన అంకెలకు సుమారు 50 సెంటీమీటర్ల ఖర్చు మిగిలి ఉంటుంది. ఆ మిగులంతా మూతిదే. జిగట కొలిచే సన్న గొట్టాల పరికరాల్లో దీన్ని తీసేయకపోతే ద్రవం ఉన్నదానికన్నా జిగటగా ఉన్నట్టు తప్పుడు ఫలితం వస్తుంది.

ప్రతిచోటా ఈ సవరణ పట్టుకుని తిరగాలా? అక్కర్లేదు. ఊరికి నీరిచ్చే 100 మిల్లీమీటర్ల పైపులో సెకనుకు మీటరు వేగంతో నీరు పారుతోందనుకోండి. అక్కడ ప్రవాహమంతా సుడులే. సుడులు పొరలను త్వరగా కలిపేస్తాయి కాబట్టి ప్రవేశ దూరం ముప్పై వ్యాసాలు, అంటే మూడు మీటర్లు. పైపు కిలోమీటరు పొడవుంటే మూడు మీటర్ల తేడా మొత్తం పీడన నష్టంలో కనబడదు.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది మళ్లీ ఆ ఆకుపచ్చ కాన్యులాయే. అదే కాన్యులాతో వార్డులో మామూలుగా సెలైన్ ఎక్కిస్తే గంటకు 100 మిల్లీలీటర్లు పోతాయనుకుందాం. అప్పుడు రెనాల్డ్స్ సంఖ్య 37, ప్రవేశ దూరం రెండు మిల్లీమీటర్లు. మిగిలిన 43 మిల్లీమీటర్లలో ప్వాజేయ్ సూత్రం చక్కగా వర్తిస్తుంది, తప్పు రెండు మూడు శాతమే. గొట్టం మారలేదు, అందులోని వేగమే మారింది. ప్రవేశ దూరాన్ని గొట్టం మీద రాసి ఉండే కొలతల్లో వెతికితే దొరకదు, పారే వేగంతో పాటు అది సాగుతుంది, కుంచించుకుపోతుంది.

నాలుగో ఘాతం సూత్రాన్ని బోర్డు మీద రాసే అధ్యాపకులను ఒకటి కోరుతున్నాను. దాని పక్కనే `0.06 × Re × D` కూడా రాయండి. విద్యార్థి చేత ముందుగా ఆ దూరాన్ని లెక్క కట్టించి, గొట్టం పొడవు పక్కన పెట్టి చూడమనండి.