పాతిక వేలలో ఆటసామాను

క్రీడాసామగ్రి కోసం సమగ్ర శిక్ష కింద ఏటా ప్రాథమిక పాఠశాలకు రూ.5 వేలు, ప్రాథమికోన్నతకు రూ.10 వేలు, హైస్కూలుకు రూ.25 వేల దాకా ఇవ్వొచ్చు. హైస్కూలుకు ఈ మొత్తమంతా వచ్చినా హైజంప్ ఫోమ్ బెడ్డు ఒక్కదానికే చాలదు. అందుకే పీడీ సారు రాసే ప్రతిపాదనలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు పని.

ఆ పని దుకాణం ధరల పట్టికతో కాదు, స్టాక్ రిజిస్టర్‌తో మొదలవ్వాలి. రిజిస్టర్లో పది వాలీబాళ్లు ఉండొచ్చు. సాయంత్రం గాలి కొట్టి ఉంచి, పొద్దున నొక్కి చూస్తే ఎన్ని పనికొస్తాయో తెలుస్తుంది. మెత్తబడిన బంతి వాల్వు దగ్గర సబ్బునీళ్లు పూస్తే బుడగలు వచ్చాయనుకోండి, లోపం వాల్వుదే. దాన్ని బాగుచేయించడం కొత్త బంతి కంటే చవక.

ఇప్పుడొక నమూనా లెక్క. ధరలు ఊరూరికీ మారతాయి కాబట్టి వీటిని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. రోజూ ఎక్కువమంది పిల్లలు వాడేవి, ప్రథమ చికిత్స సరంజామా మొదటి వరుసలో ఉంటాయి: ఆరు వాలీబాళ్లకు రూ.5,400, రెండు నెట్లకు రూ.2,400, ప్రథమ చికిత్స పెట్టెకు రూ.1,500, గాలి పంపుకు రూ.700. మొత్తం పది వేలు. ఖోఖో స్తంభాలు, షాట్‌పుట్, డిస్కస్ రెండో వరుసలో ఎనిమిది వేలు. హర్డిల్స్, కోన్లు, మెడిసిన్ బాళ్లు మూడో వరుస. ఇవన్నీ కొంటే పన్నెండు వేలు, అంటే మొత్తం ముప్పై వేలు అవుతుంది.

చవక మార్గాలు పనికొచ్చేది ఈ మూడో వరుసలోనే. రంగు నీళ్లు నింపిన సీసాలు కోన్ల పని చేస్తాయి. పాత బాస్కెట్‌బాల్‌లో ఇసుక నింపి, కిరాణా కాటా మీద తూచి కుట్టిస్తే మెడిసిన్ బాల్ సిద్ధం. హర్డిల్స్‌కు పీవీసీ పైపులు చాలు. కానీ అడ్డపైపును జిగురుతో అతికించకూడదు, కాలు తగలగానే పడిపోవాలి. ఇలా చేస్తే మూడో వరుస నాలుగు వేలకు దిగుతుంది. మిగిలిన మూడు వేలు ఏడాది మధ్యలో మరమ్మతులకు.

అన్నింటికీ ఈ పొదుపు నప్పదు. ఇసుక గుంటలో కత్తెర పద్ధతి హైజంప్ నేర్పొచ్చు. వెనక్కి వాలి దూకే ఫాస్బరీ పద్ధతి మాత్రం వద్దే వద్దు, అందులో దెబ్బ మెడకే తగులుతుంది.

కొటేషన్ల దగ్గర ఇంకో చిక్కు. ‘నాణ్యమైన వాలీబాల్’ అని రాస్తే తక్కువ ధర వేసినవాడు ప్లాస్టిక్ బంతి పంపినా అడగడానికి ఉండదు. చుట్టుకొలత 65–67 సెంటీమీటర్లు, బరువు 260–280 గ్రాములు అని రాస్తే, సరుకు దిగిన రోజే టేపు, కాటా పెట్టి తిప్పి పంపొచ్చు.

ప్రతి వరుస కిందా విడిగా మొత్తం వేసి ఉంచాలి. తీరా పదిహేను వేలే మంజూరైతే ప్రధానోపాధ్యాయుడు అన్నింట్లోనూ తలా కొంచెం కోయకుండా, కింది నుంచి తీసేయగలుగుతారు. వాలీబాళ్లు ఆరుకు ఆరూ వస్తాయి. డిస్కస్ వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది.